బిల్లు ఎప్పుడు చట్టమవుతుంది?
(మహాసభలో చూపించిన మూడు నిమిషాల వీడియోకి చదివిన మాటలు)



మన సంఘం మీటింగులో రుణం కోసం తీర్మానం రాసి అందరం సంతకాలు పెడతాం. అంతమాత్రాన డబ్బు చేతికొచ్చినట్టా? గ్రామ సంఘం చూడాలి, బ్యాంకు మంజూరు చేయాలి, ఖాతాలో పడాలి. చట్టం సంగతీ ఇంతే. అసెంబ్లీ పాస్ చేయగానే పని అయిపోదు.

ఇది మాకు 'దిశ'తో తెలిసొచ్చింది. 2019 డిసెంబరు 13న మన రాష్ట్ర అసెంబ్లీ దిశ బిల్లును పాస్ చేసింది. అత్యాచారం కేసులో గట్టి ఆధారాలుంటే ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అన్నారు. మేమూ మీటింగుల్లో "చట్టం వచ్చేసింది" అని చెప్పుకున్నాం. మేం పొరపాటు పడ్డాం. అది బిల్లుగానే ఉండిపోయింది. ఎక్కడ ఆగిందో చూద్దాం.

(తెర మీద: ప్రకాశం బ్యారేజీ, కరకట్ట దారి, వెలగపూడి)

బ్యారేజీ దాటి కరకట్ట వెంట వెళ్తే వెలగపూడి వస్తుంది. మన శాసనసభ అక్కడే ఉంది. ముందు సంబంధిత శాఖ బిల్లు రాస్తుంది, మంత్రివర్గం ఒప్పుకుంటుంది. తర్వాత మంత్రి దాన్ని సభలో ప్రవేశపెడతారు. చర్చ జరుగుతుంది, ఒక్కో క్లాజు చూస్తారు, సభ్యులు సవరణలు అడగొచ్చు. చివర్లో ఓటింగు. సభకొచ్చి ఓటేసినవాళ్లలో ఎక్కువమంది సరే అంటే పాసైనట్టే.

తర్వాత బిల్లు శాసనమండలికి వెళ్తుంది. మండలి మార్పులు చెప్పొచ్చు, కొంతకాలం ఆపొచ్చు. అయితే మామూలు బిల్లును శాశ్వతంగా ఆపలేదు. మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఒక నెల, అంతే.

ఆపైన గవర్నరు. ఆయన సంతకం పెడితే బిల్లు చట్టమవుతుంది. పెట్టకుండా వెనక్కి పంపొచ్చు, లేదా రాష్ట్రపతికి పంపొచ్చు.

రాష్ట్రపతి దాకా ఎందుకు వెళ్లాలి? కొన్ని విషయాల మీద రాష్ట్రమూ చట్టం చేయొచ్చు, కేంద్రమూ చేయొచ్చు. నేరాలు, శిక్షలు అలాంటివే. వాటిలో కేంద్రం చట్టానికి భిన్నంగా రాష్ట్రం రాస్తే, రాష్ట్రపతి ఆమోదం ఉంటేనే మన రాష్ట్రంలో అది నిలబడుతుంది. దిశ బిల్లు కేంద్రం చేసిన శిక్షాస్మృతినే మార్చాలనుకుంది. అందుకే ఢిల్లీకి వెళ్లింది. ఆ ఆమోదం రాలేదు. రాష్ట్రపతి ఇన్ని రోజుల్లో సంతకం పెట్టాలని రాజ్యాంగంలో గడువు లేదు. ఈలోగా 2024 జులై 1 నుంచి ఆ పాత శిక్షాస్మృతే పోయి, భారతీయ న్యాయ సంహిత వచ్చింది.

మరి మనకి రక్షణ లేదా? ఉంది. అత్యాచారం కేసులో దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలని కేంద్ర చట్టమే చెబుతోంది. ఎవరికైనా తోడుగా స్టేషనుకి వెళ్తే ఇరవై ఒక్క రోజుల మాట పట్టుకోకండి. ఈ రెండు నెలల మాట అడగండి.

ఇప్పుడు దారి పూర్తిచేసిన బిల్లు సంగతి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ, కేంద్రం చేసిన హిందూ వారసత్వ చట్టాన్నే మార్చింది. దానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అది 1986 చట్టం, కానీ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చినట్టు రాశారు. అప్పటికే పెళ్లయిన కూతురికి అది వర్తించదన్నారు.

ఒక ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు అనుకోండి. అక్క పెళ్లి 1985 మేలో, చెల్లి పెళ్లి నవంబరులో. ఆ చట్టం కింద వాటా చెల్లికే. అక్కకి దారి తెరిచింది 2005లో కేంద్రం చేసిన సవరణ. అదీ 2004 డిసెంబరు 20కి ముందే చెల్లుబాటయ్యే పంపకం జరిగిపోకుండా ఉంటేనే. అమల్లోకి వచ్చే తేదీ ఎంత పనిచేస్తుందో చూశారా?

అందుకే ఎవరైనా "కొత్త చట్టం వచ్చింది" అంటే మనం మూడు అడుగుదాం. గవర్నరో రాష్ట్రపతో ఆమోదించారా? రాజపత్రంలో, అంటే గెజిట్‌లో, చట్టం నంబరూ సంవత్సరమూ వేసి అచ్చయిందా? ఏ తేదీ నుంచి అమలు? పేరు చివర 'బిల్లు' అనే ఉంటే అది ఇంకా దారిలోనే ఉంది.

మినిట్స్ పుస్తకంలో సంతకం చూడందే మనం తీర్మానాన్ని ఒప్పుకోం కదా. చట్టాన్నీ అలాగే చూద్దాం.