చదువు అప్పు: వాయిదాలు మొదలయ్యే నాటికి ఎంత అవుతుంది?
(విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వడ్డీ విషయంలో మన ధర్మం ఏం చెబుతుందో ఈ సభలోని వారందరికీ తెలుసు. ఆ చర్చ చేసే అర్హత మాకు లేదు. అయితే గత్యంతరం లేక బ్యాంకు అప్పుతో పిల్లలను చదివిస్తున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ కుటుంబాలు కట్టవలసిన దానికంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ కట్టకూడదన్నదే మా ఉద్దేశం. లెక్కల గుమాస్తాలుగా జీవితమంతా గడిపిన మేము కొందరం పదవీ విరమణ తరువాత ఇలాంటి కాగితాలు చూసిపెడుతున్నాము. ఈరోజు అలాంటి ఒక్క కాగితం గురించే మాట్లాడతాము.

ఒక మోటారు మెకానిక్ సోదరుడు తన కుమార్తె ఇంజనీరింగు చదువు కోసం నాలుగేళ్లూ, ఏటా చదువు ఆరంభంలో లక్షా యాభై వేల చొప్పున, మొత్తం 6 లక్షలు అప్పు తీసుకున్నారు. వడ్డీ రేటు నూటికి సంవత్సరానికి 10 రూపాయలు. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక సంవత్సరం వాయిదాలు కట్టనక్కరలేదు. దీనినే మారటోరియం అంటారు. ఆ గడువు ముగిసినప్పుడు బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరంలో బాకీ 8,55,485 రూపాయలని ఉంది. ఆయన మా దగ్గరకు వచ్చి, "భాయ్ సాబ్, ఆరు లక్షలే కదా తీసుకున్నాం, ఐదేళ్లు కట్టనక్కరలేదన్నారు కదా" అన్నారు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. మారటోరియంలో ఆగేది వాయిదా మాత్రమే, వడ్డీ ఆగదు. డబ్బు కాలేజీకి చేరిన రోజు నుంచి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి 6 లక్షలే బాకీ అనుకోవడం సరికాదు. అలాగని 6 లక్షల మీద ఐదేళ్ల వడ్డీ 3 లక్షలని ఒక్కసారిగా లెక్కించడమూ సరికాదు. అప్పు నాలుగు విడతలుగా వచ్చింది, ఏ విడతకు ఆ విడత కాలం వేరు.

లెక్క చూద్దాము. మొదటి విడత లక్షా యాభై వేలకు ఐదేళ్లు వడ్డీ నడిచింది. రెండవ విడతకు నాలుగేళ్లు, మూడవ దానికి మూడేళ్లు, నాలుగవ దానికి రెండేళ్లు. మొత్తం పద్నాలుగేళ్లు. లక్షా యాభై వేలకు ఏడాది వడ్డీ 15 వేలు. పద్నాలుగుతో గుణిస్తే 2,10,000. అసలుతో కలిపితే 8,10,000 రూపాయలు. ఇది బారువడ్డీ లెక్క.

బ్యాంకు ఉత్తరంలోని సంఖ్య దీనికంటే 45,485 రూపాయలు ఎక్కువ. ఆ తేడా వడ్డీ మీద వేసిన వడ్డీ. నెల నెలా వచ్చిన వడ్డీని అసలులో కలిపి, మరుసటి నెల ఆ మొత్తం మీద వడ్డీ వేస్తే సరిగ్గా 8,55,485 వస్తుంది. ఏడాదికి ఒకసారి మాత్రమే కలిపితే 8,42,342 అవుతుంది. అదే అప్పు, అదే రేటు. వడ్డీని ఎప్పుడు అసలులో కలుపుతారన్న దానిని బట్టి మూడు వేర్వేరు బాకీలు.

మరి వీటిలో ఏది సరైనది? దానికి జవాబు మంజూరు పత్రంలో ఉంటుంది. భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యా రుణ పథకం ప్రకారం చదువు కాలంలోను, వాయిదాలు మొదలయ్యే వరకు బారువడ్డీయే వేయాలి. ఈ సోదరుని మంజూరు పత్రంలోనూ అదే రాసి ఉంది. అయితే బ్యాంకులు కాని రుణ సంస్థల షరతులు వేరుగా ఉండవచ్చు. కొన్ని చదువు కాలంలోనే వడ్డీ కట్టమంటాయి. అందుకని సంతకం చేసే ముందే "మారటోరియంలో బారువడ్డీయా, చక్రవడ్డీయా" అని అడిగి, ఆ వాక్యం పత్రంలో ఎక్కడుందో చూపించమనండి.

పత్రంలో ఒకటి ఉండి ఖాతాలో మరొకటి జరుగుతున్నట్లు ఎలా తెలుస్తుంది? ఇందుకు పెద్ద గణితం అక్కరలేదు. చివరి విడత వచ్చేశాక, కొత్తగా డబ్బు తీసుకోని ఏదైనా ఒక సంవత్సరపు స్టేట్‌మెంటు తీసుకోండి. నెల నెలా వేసిన వడ్డీని మాత్రమే వరుసగా చూడండి. బారువడ్డీ అయితే 6 లక్షల మీద నెలకు సుమారు 5 వేలు ఉంటుంది. ముప్పై రోజుల నెలకు 4,932, ముప్పై ఒక్క రోజుల నెలకు 5,096. రోజుల తేడా తప్ప పెరుగుదల ఉండదు. ఈ సోదరుని ఖాతాలో ఐదవ ఏడాది మొదటి నెల వడ్డీ సుమారు 6,450, చివరి నెల సుమారు 7,070 ఉంది. రేటు మారలేదు, కొత్త అప్పు లేదు, అయినా వడ్డీ పెరుగుతోంది. అది చక్రవడ్డీకి గుర్తు. రేటు మారే అప్పు అయితే ముందుగా ఆ మార్పు జరిగిన నెలలను గుర్తించాలి.

ఆయన చేత మంజూరు పత్రం నకలు, మా లెక్క జతపరచి బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా అర్జీ పెట్టించి, అందినట్లు ముద్ర వేయించుకున్నాము. కొన్ని వారాల తరువాత బాకీని 8,10,000గా సవరించారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

45 వేల తేడాకు ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. పదేళ్ల వాయిదాలలో అది నెలకు 601 రూపాయలు, మొత్తం 72 వేలకు పైన.

ఇక బారువడ్డీలోనూ చక్రవడ్డీ ప్రవేశించే రోజు ఒకటి ఉంది. మారటోరియం ముగిసిన రోజున పేరుకున్న 2,10,000 వడ్డీ అసలులో కలుస్తుంది. ఆ రోజు నుంచి దాని మీద కూడా వడ్డీయే. 8,10,000కు పదేళ్ల వాయిదా నెలకు 10,704. అందులో 2,775 కేవలం ఆ పాత వడ్డీ కోసమే. పదేళ్లలో ఆ 2,10,000 కాస్తా 3,33,000 అవుతుంది. ఆ తేదీకి ముందే 50 వేలు కట్టగలిగితే, తరువాత కట్టవలసిన సుమారు 79 వేలు తప్పుతాయి. చదువు కాలంలోనే నెల నెలా వడ్డీ కట్టగలవారికి మొదటి ఏడాది నెలకు 1,250, రెండవ ఏడాది 2,500, మూడవ ఏడాది 3,750, ఆపైన 5,000 అవుతుంది. అప్పుడు మిగిలేది 6 లక్షలే, వాయిదా 7,929. ఇలా కట్టే వారికి నమూనా పథకంలో వడ్డీ రేటు ఒక శాతం వరకు తగ్గించే వీలు కూడా ఉంది. అడిగి రాయించుకోవాలి.

అది మోయలేని కుటుంబాల కోసం కేంద్ర వడ్డీ రాయితీ పథకం ఉంది. ఏడాది ఆదాయం నాలుగున్నర లక్షలు మించని కుటుంబాల పిల్లలు దేశంలో గుర్తింపు పొందిన సంస్థల్లో వృత్తి, సాంకేతిక విద్య చదివితే, మారటోరియం కాలపు వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రాన్ని అప్పు ఇచ్చిన బ్యాంకులోనే ఇవ్వాలి. విదేశీ చదువుకు మైనారిటీ విద్యార్థులకు ఇలాంటి ఆసరా ఇచ్చిన పఢో పర్‌దేశ్ పథకాన్ని 2022-23 నుంచి నిలిపివేశారు. దానిని పునరుద్ధరించమని అడగడం మన హక్కు. అది వచ్చే వరకు విదేశాలకు వెళ్లే పిల్లల వడ్డీ పూర్తిగా తల్లిదండ్రుల మీదే పడుతుందని తెలుసుకుని అప్పు చేయాలి.

ఇంటికి వెళ్లగానే మంజూరు పత్రమూ, స్టేట్‌మెంటూ పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క కుదరని వారు ఆ రెండు కాగితాలతో మా వద్దకు రండి. కూర్చుని చూద్దాము. సెలవు.