కంపెనీ పెరిగినా చదవగలిగే ఆర్గ్ చార్ట్: ఒకే స్లైడ్‌లో 30 బాక్సులు ఎలా సర్దాలి?

ఈ ఎపిసోడ్‌లో ఆర్గనైజేషన్ చార్ట్ స్లైడ్ గురించి మాట్లాడుకుందాం. కంపెనీలో పది మంది ఉన్నప్పుడు ఈ చార్ట్ ఎవరైనా గీసేస్తారు. వంద మంది అయ్యాక అదే ఫైల్‌లో బాక్సులు పెంచుకుంటూ పోతే, చివరికి చీమల బారులా తయారవుతుంది. కొత్తగా చేరిన అమ్మాయికి తన లీవ్ ఎవరు శాంక్షన్ చేస్తారో అందులో కనపడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పచ్చళ్ల కంపెనీ ఉందనుకోండి. మొత్తం 110 మంది. పైన ఎండీ ఒకరు. ఆయన కింద ఆరుగురు హెడ్‌లు: ప్రొడక్షన్, సేల్స్, అకౌంట్స్, హెచ్ఆర్, క్వాలిటీ, ఆన్‌లైన్ ఆర్డర్లు. వాళ్ల కింద 23 మంది టీమ్ లీడ్‌లు. మిగతా 80 మంది టీమ్‌లలో పనిచేసేవాళ్లు.

ముందుగా తేల్చుకోవాల్సింది ఎవరికి బాక్స్ ఇవ్వాలనేది. 110 బాక్సులు ఒక స్లైడ్‌లో పట్టవు. అందుకే ఆ 80 మందికి విడివిడిగా బాక్సులు వద్దు. టీమ్ లీడ్ బాక్స్‌లోనే రెండు లైన్లు రాయండి. మొదటి లైన్‌లో లీడ్ పేరు, రెండో లైన్‌లో "ప్యాకింగ్ – 18 మంది" అని. ఇప్పుడు ఒకటి, ఆరు, ఇరవై మూడు కలిపి 30 బాక్సులే మిగిలాయి. ఎవరినీ వదిలేయలేదు, అందరూ లెక్కలో ఉన్నారు.

ఇక అసలు సమస్య వెడల్పు. పవర్‌పాయింట్‌లో మామూలుగా వచ్చే స్లైడ్ 13.33 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు ఉంటుంది. అంచులు వదిలేస్తే 12 అంగుళాలు మన చేతిలో ఉంటాయి. ఆ 23 మంది లీడ్‌లను పక్కపక్కనే ఒకే వరసలో పెట్టామనుకోండి, ఒక్కొక్కరికి అరంగుళం చొప్పున వస్తుంది. అందులో "సుబ్రహ్మణ్యం" అనే పేరు ఎక్కడ పడుతుంది చెప్పండి? బాక్సులు పట్టించడానికి పవర్‌పాయింట్ అక్షరాలను తగ్గించుకుంటూ పోతుంది. ఒక్క బాక్స్ కోసం అన్ని బాక్సుల్లోనూ అక్షరాలు చిన్నవైపోతాయి.

అందుకే పక్కకి పరచడం హెడ్‌ల దగ్గరే ఆపేయాలి. ఆరుగురు హెడ్‌లు ఒక వరసలో. ఒక్కో బాక్స్ 1.75 అంగుళాలు, మధ్యలో 0.3 అంగుళాల ఖాళీ. లెక్క సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. లీడ్‌లను మాత్రం ప్రతి హెడ్ కింద నిలువుగా, ఒకరి కింద ఒకరిని వేలాడదీయాలి.

నిలువులో చోటు సరిపోతుందా అని మీకు డౌట్ రావచ్చు. టైటిల్, ఎండీ బాక్స్, హెడ్‌ల వరస, వాటి మధ్య ఖాళీలు, అడుగున అంచు తీసేస్తే 4.3 అంగుళాలు మిగులుతాయి. లీడ్ బాక్స్ ఎత్తు అరంగుళం, మధ్య ఖాళీ 0.15 పెడితే ఆరు బాక్సులకు 3.75 అంగుళాలు చాలు. మన కంపెనీలో అందరికంటే ఎక్కువ లీడ్‌లు ఉన్నది సేల్స్‌లో, ఆరుగురు. హాయిగా సరిపోయింది. అరంగుళం ఎత్తు బాక్స్‌లో 12 పాయింట్ సైజు అక్షరాలతో రెండు లైన్లు పడతాయి. అంతకంటే చిన్న సైజుకు దిగొద్దు.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఎలా చేయాలో చూద్దాం. Insert లో SmartArt నొక్కి, Hierarchy లో Organization Chart ఎంచుకోండి. బాక్సుల్లోకి వెళ్లి టైప్ చేయకండి. Text Pane తెరిచి పేర్లన్నీ లిస్టులా రాయండి. ఒక పేరును కింది స్థాయికి దించాలంటే Tab, పైకి తేవాలంటే Shift+Tab. ఒకే బాక్స్‌లో రెండో లైన్ కావాలంటే Shift+Enter. లిస్టు అయ్యాక లీడ్‌లు అడ్డంగా పరుచుకుని కనిపిస్తే, వాళ్ల హెడ్ బాక్స్‌ను సెలెక్ట్ చేసి, SmartArt Design లో Layout నొక్కి Right Hanging పెట్టండి. ఆరుగురు హెడ్‌లకూ ఇదే చేయాలి. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉంటే చూసేవాళ్లు తికమకపడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నిలువుగా పేర్చినప్పుడు గీత ఎటు నుంచి వస్తోందో చూడాలి. హెడ్ నుంచి ఒక నిలువు గీత దిగి, దాని నుంచి ప్రతి లీడ్ బాక్స్‌కు పక్క నుంచి చిన్న కొమ్మ రావాలి. షేపులతో సొంతంగా గీసేవాళ్లు చాలాసార్లు మొదటి బాక్స్ అడుగు నుంచి రెండో బాక్స్‌కు, అక్కడి నుంచి మూడోదానికి గీత లాగేస్తారు. అప్పుడు అర్థమే మారిపోతుంది. విజయవాడ సేల్స్ లీడ్ కింద గుంటూరు లీడ్ పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఇద్దరిదీ ఒకే హోదా అయినా, స్లైడ్ చూసిన గుంటూరు ఆయన "నా పోస్టు ఎప్పుడు తగ్గించారు?" అని హెచ్ఆర్‌కు ఫోన్ చేస్తాడు. బాక్సుల సైజు కూడా అంతే. ఒకే హోదా ఉన్నవాళ్లకు ఒకే సైజు ఉండాలి. పేరు పొడుగని ఒకరి బాక్స్ పెద్దది చేస్తే, అది పదవి పెద్దదన్నట్టు కనిపిస్తుంది.

సరే, కంపెనీ ఇంకా పెరిగింది. సేల్స్‌లో లీడ్‌లు ఆరుగురు కాస్తా తొమ్మిది మంది అయ్యారు. తొమ్మిది బాక్సులకు 5.7 అంగుళాలు కావాలి, మన దగ్గర ఉన్నది 4.3. ఇక్కడ అక్షరాలు తగ్గించకండి, స్లైడ్‌నే విడగొట్టండి. మొదటి స్లైడ్‌లో సేల్స్ హెడ్ కింద "9 టీమ్‌లు – స్లైడ్ 2 చూడండి" అని ఒక్క బాక్స్ పెట్టండి. రెండో స్లైడ్‌లో పైన సేల్స్ హెడ్ బాక్స్‌నే మళ్లీ పెట్టి, కింద తొమ్మిది మందిని మూడు నిలువు వరసల్లో ముగ్గురేసి చొప్పున సర్దండి. గీత మాత్రం ప్రతి వరసకూ హెడ్ నుంచే రావాలి. హెడ్ బాక్స్ రంగు రెండు స్లైడ్‌లలోనూ ఒకటే ఉంచండి. నేరుగా రెండో స్లైడ్ తెరిచినవాళ్లకు కూడా ఇది కంపెనీలో ఏ భాగమో తెలియాలి కదా.

ఏడో హెడ్ వచ్చినా ఇదే దారి. ఏడుగురిని వరసలో ఇరికిస్తే లీడ్‌ల బాక్సులు బాగా ఇరుకై, పేర్లు మధ్యలో విరిగిపోతాయి. అప్పుడు మొదటి స్లైడ్‌లో ఎండీ, ఏడుగురు హెడ్‌లు, ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఎంతమందో, ఇంతవరకే ఉంచండి. ప్రతి డిపార్ట్‌మెంట్‌కు ఒక స్లైడ్ ఇచ్చేయండి.

ఇంకో చిక్కు ఏంటంటే, ఇద్దరు బాస్‌లు ఉన్న మనిషి. క్వాలిటీ లీడ్ ఒకాయన ప్రొడక్షన్ హెడ్‌కు కూడా రిపోర్ట్ చేస్తాడనుకోండి. స్లైడ్ అడ్డంగా చుక్కల గీత లాగితే, అది మధ్యలో ఉన్న అందరి గీతలనూ కోసుకుంటూ పోతుంది. లీవ్ ఎవరు ఇస్తారో వాళ్ల కిందే బాక్స్ పెట్టి, పేరు పక్కన ఒక నక్షత్రం గుర్తు వేయండి. స్లైడ్ అడుగున "ప్రొడక్షన్ హెడ్‌కు కూడా రిపోర్ట్ చేస్తారు" అని రాస్తే సరిపోతుంది. ఆ పక్కనే చార్ట్ ఏ తేదీ నాటిదో కూడా రాయండి. జనం చేరుతూ ఉండే కంపెనీలో, తేదీ లేని చార్ట్ పాతదో కొత్తదో ఎవరికీ తెలీదు.

చివరిగా పరీక్ష. ఫైల్‌ను మీ ఫోన్‌కు వాట్సాప్ చేసుకుని, ఫోన్ అడ్డంగా తిప్పి తెరవండి. జూమ్ చేయకుండానే హెడ్‌ల పేర్లు చదవగలగాలి. లీడ్‌ల పేర్ల కోసం ఒక్కసారి జూమ్ చేస్తే పర్వాలేదు. కానీ జూమ్ చేసినప్పుడు హెడ్, ఆయన కింద ఉన్న టీమ్ మొత్తం ఒకే తెరమీద కనిపించాలి. పేరు చదవడానికి జూమ్ చేసి, బాస్ ఎవరో చూడటానికి మళ్లీ పక్కకు జరపాల్సి వస్తోందంటే, ఆ స్లైడ్‌ను విడగొట్టే టైమ్ వచ్చేసినట్టే.

మీ చార్ట్‌లో ఎన్ని బాక్సులున్నాయో, ఎక్కడ ఇరుక్కున్నారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.