ప్లస్ ఎఫ్ ముద్ర: సంచి చెప్పేదేంటి, చెప్పనిదేంటి

(యువజన శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను భూమి గురించి, పోడు గురించి మాట్లాడటం లేదు. మన ఇంట్లో మూడు పూటలా ఉడికే బియ్యం గురించి మాట్లాడతాను. మీలో చాలామంది రేషన్ డిపోలో గోనె సంచి మీద నీలం రంగులో "ప్లస్ ఎఫ్" అనే ముద్ర చూసే ఉంటారు. పక్కన ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపినవి అని రాసి ఉంటుంది. ఉప్పు ప్యాకెట్ మీద, గోధుమపిండి ప్యాకెట్ మీద కూడా ఈ ముద్ర కనిపిస్తుంది. దాన్ని చూసి కొందరు "ఇది మందు బియ్యం, ఇది తింటే రక్తం పడుతుంది" అంటారు. ఇంకొందరు "ఇది ప్లాస్టిక్ బియ్యం" అని గింజలు ఏరి పారేస్తారు. రెండూ తప్పే. ఎందుకు తప్పో లెక్క వేసి చూపిస్తాను.

ముందు ఆ గింజ సంగతి. బియ్యాన్ని పిండి చేసి, దాంట్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 పొడి కలిపి, మిషన్‌లో మళ్ళీ గింజ ఆకారంలోకి వత్తుతారు. అలాంటి గింజల్ని మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. అంటే వంద కిలోల బియ్యానికి ఒక కిలో. అది పిండితో చేసిన గింజ కాబట్టి రంగు, నునుపు కొంచెం తేడాగా ఉంటాయి, ఒక్కోసారి నీళ్ళలో తేలుతుంది కూడా. అందులో ప్లాస్టిక్ లేదు. దాన్ని ఏరి పారేస్తే మీకు మిగిలేది మామూలు బియ్యమే, సంచి మీద రాసిన పోషకాలు చెత్తలోకి పోయినట్టే. ఇంట్లో పరీక్ష కూడా చేసుకోవచ్చు. ఐదు వందల గింజలు లెక్కపెట్టి పళ్ళెంలో పోయండి. అందులో అటూఇటూగా ఐదు తేడా గింజలు కనిపించాలి. ఒక్కసారికే తేల్చొద్దు, సంచిలో నాలుగు చోట్ల నుంచి తీసి చూడండి. ఎక్కడా ఒక్కటీ లేకపోతే, లేదా ఒకచోట ఇరవై, ఇంకోచోట సున్నా ఉంటే, కలపడం సరిగా జరగలేదని అర్థం. అయితే గింజ ఉన్నంత మాత్రాన దాంట్లో ఐరన్ సరిపడా ఉందని రుజువు కాదు. అది ల్యాబ్‌లోనే తేలుతుంది.

ఇప్పుడు లెక్క. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో పెట్టిన నిబంధనల ప్రకారం, ఒక కిలో బలవర్ధక బియ్యంలో ఐరన్ 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు ఉండాలి. ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలి. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మోసపోయేది ఇక్కడే. గోధుమపిండికీ దాదాపు ఇవే అంకెలు.

ఇవి కిలోకి చెప్పిన అంకెలు. మనం రోజుకి కిలో తినం. పొలం పని చేసే ఒక అక్క రోజుకి 400 గ్రాముల బియ్యం వండుకు తింటుందనుకుందాం. అప్పుడు ఆమెకు కలిపిన ఐరన్ 11 నుంచి 17 మిల్లీగ్రాములు అందుతుంది. ఫోలిక్ యాసిడ్ 30 నుంచి 50 మైక్రోగ్రాములు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం, ఆమె వయసు స్త్రీకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్, 220 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి. కాబట్టి ఐరన్ విషయంలో బియ్యం సగం దాకా తోడు రావచ్చు. ఫోలిక్ యాసిడ్ విషయంలో నాలుగో వంతు కూడా రాదు. గంజి వార్చి పారబోస్తే అందులో కొంత మళ్ళీ నీళ్ళతో పోతుంది. గంజి తాగే ఇళ్ళల్లో అది మిగులుతుంది.

తిన్న ఐరన్ అంతా ఒంటికి పట్టదు. ధాన్యాల్లో ఉన్నదైనా, కలిపినదైనా, అందులో చిన్న భాగమే రక్తంలోకి వెళ్తుంది. అన్నంతో పాటు నిమ్మకాయ, ఉసిరి, పచ్చిమిర్చి లాంటివి ఉంటే ఎక్కువ పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే తగ్గుతుంది.

ఉప్పు సంగతీ చెప్తాను. అయోడిన్ కలిపిన ఉప్పు వేరు, అయోడిన్‌తో పాటు ఐరన్ కూడా కలిపిన ఉప్పు వేరు. ఐరన్ కలిపినదాంట్లో కిలోకి 850 నుంచి 1100 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అంకె పెద్దగా కనిపిస్తుంది కదా? కానీ రోజుకి తినాల్సిన ఉప్పు 5 గ్రాముల లోపే. 5 గ్రాముల్లో వచ్చే ఐరన్ 4 నుంచి 5.5 మిల్లీగ్రాములు. ఐరన్ కోసం ఉప్పు ఎక్కువ వేసుకుంటే బీపీ కొనుక్కున్నట్టు. పట్నంలో అమ్మే కార్న్ ఫ్లేక్స్ లాంటి డబ్బాల మీద "ఐరన్ పుష్కలం" అని ఉంటే, ఆ మాట వంద గ్రాములకు చెప్పేది. గిన్నెలో పోసుకునేది ముప్పై గ్రాములు. మూడో వంతుకన్నా తక్కువే మీకు వచ్చేది.

ఇంకో పోలిక చెప్తాను. కిలో బలవర్ధక బియ్యంలో కలిపిన ఐరన్ ఎక్కువలో ఎక్కువ 42.5 మిల్లీగ్రాములు. కిలో చోళ్ళలో, తైదలు అన్నా రాగులు అన్నా ఒకటే, సహజంగానే దాదాపు 46 మిల్లీగ్రాములు ఉంటుంది. దాని మీద ఏ ముద్రా ఉండదు. చోళ్ళలో ఐరన్‌ని పట్టనివ్వని పదార్థాలు కూడా ఉంటాయి, అది నిజం. రాత్రి పులియబెట్టి అంబలి కాచే మన పద్ధతి వాటిని కొంత తగ్గిస్తుంది. కాబట్టి "కలిపినది" అనే మాట చూసి, కలపనిదాంట్లో ఏమీ లేదనుకోవద్దు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న విషయానికి వస్తాను. మన గూడేల్లో సికిల్ సెల్ ఉంది. ఈ జబ్బులో రక్తం తక్కువ అవడానికి ఐరన్ లేకపోవడం అసలు కారణం కాదు. ఎర్ర కణాలు కొడవలిలా వంగి త్వరగా విరిగిపోతాయి. అందుకే రక్తం తగ్గుతుంది. హిమోగ్లోబిన్ 8 ఉందని చూసి "రక్తం లేదు, ఐరన్ ఎక్కించాలి" అంటే అది అందరికీ సరిపోయే మాట కాదు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్ళకి, తలసేమియా ఉన్నవాళ్ళకి, ఎక్కించిన రక్తంతోనే ఐరన్ పేరుకుపోతుంది. ఒంట్లోంచి అది బయటకు పోయే దారి లేదు. కాలేయంలో, గుండెలో చేరుతుంది. మరోవైపు, రక్తం ఎక్కించుకోని సికిల్ సెల్ మనిషికి ఐరన్ నిజంగానే తక్కువ ఉండొచ్చు కూడా. ఎవరిది ఏ పరిస్థితో ఫెర్రిటిన్ అనే రక్త పరీక్ష చెప్తుంది. సంచి మీద ముద్ర చెప్పదు.

2018 నిబంధనల్లో ఒక హెచ్చరిక ఉండేది. ఐరన్ కలిపిన ఆహారం మీద, తలసేమియా ఉన్నవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో తీసుకోవాలి, సికిల్ సెల్ అనీమియా ఉన్నవాళ్ళు తీసుకోవద్దు అని రాయాలి. ఆ హెచ్చరిక అమలు కావట్లేదనే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2024లో ప్రభుత్వం ఆ హెచ్చరిక రాయాలన్న నిబంధననే తీసేసింది. బియ్యం నుంచి వచ్చే ఐరన్, ఎక్కించే రక్తం నుంచి వచ్చేదాంతో పోలిస్తే చాలా తక్కువ అన్నది వాళ్ళ వాదన. అందులో లెక్క ఉంది, కొట్టిపారేయలేం. కానీ హెచ్చరిక పోయినా, రక్తం ఎక్కించుకునే మనిషి తన డాక్టరుతో "మా ఇంట్లో తినేది ఐరన్ కలిపిన బియ్యం" అని చెప్పాల్సిన అవసరం పోలేదు. పైగా మనకు బియ్యం విడిగా తూచి పోస్తారు. సంచి డిపోలోనే ఉండిపోతుంది. హెచ్చరిక ఉన్న రోజుల్లో కూడా అది చదివిన తల్లి ఎంతమంది?

ఇప్పుడు ఒక పిల్ల లెక్క. సికిల్ సెల్ ఉన్న పదహారేళ్ళ అమ్మాయికి డాక్టరు రోజుకో ఫోలిక్ యాసిడ్ గోళీ రాశాడనుకోండి. మన దగ్గర మామూలుగా ఇచ్చేది 5 మిల్లీగ్రాములది. కణాలు విరుగుతుంటే కొత్తవి తయారవడానికి అది కావాలి. ఇంట్లోవాళ్ళు "బియ్యంలోనే ఫోలిక్ యాసిడ్ కలిపారట, గోళీ ఎందుకు" అని మానిపించారు. 5 మిల్లీగ్రాములు అంటే 5000 మైక్రోగ్రాములు. కిలో బియ్యంలో ఎక్కువలో ఎక్కువ 125. అంటే ఆ ఒక్క గోళీకి సరిపడా ఫోలిక్ యాసిడ్ రావాలంటే ఆ పిల్ల రోజుకి 40 కిలోల బియ్యం తినాలి. సంచి మీద రాసినది అబద్ధం కాదు. కానీ గోళీకి బదులు అని చదువుకుంటే ప్రమాదం. గర్భిణులకూ అంతే. వాళ్ళకిచ్చే ఎర్ర గోళీలో ఐరన్ 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. ఏ బియ్యమూ దాని చోటు తీసుకోలేదు.

సికిల్ సెల్ వాహకులకు, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఆ లక్షణం వచ్చినవాళ్ళకు, ఈ బియ్యంతో భయం లేదు. అందుకే ముందు తెలియాల్సింది మీరు వాహకులా, జబ్బు ఉన్నవాళ్ళా, ఏదీ కాదా అన్నది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్ష ఉచితం, కార్డు కూడా ఇస్తారు. కార్డు తీసుకుని దాచిపెట్టకండి, ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ చూపించండి.

ఇక్కడి నుంచి వెళ్ళాక మూడు పనులు చేయండి. డిపోకి వెళ్ళి సంచి మీదున్నదంతా ఫోన్‌లో ఫొటో తీసి, మన భాషలో ఊరికి చదివి వినిపించండి. మీ ఊళ్ళో రక్తం ఎక్కించుకునేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఫెర్రిటిన్ పరీక్ష ఎప్పుడు చేయించారో అడగండి. అలాంటివాళ్ళకి, డాక్టరు వద్దంటే, ఏమీ కలపని బియ్యం ఇవ్వాలని గ్రామసభలో తీర్మానం రాయించండి. బియ్యం తినొద్దని ఎవరికీ చెప్పకండి, ఆకలి అన్నిటికన్నా పెద్ద జబ్బు. ఎంత తింటున్నాం, ఎంత అందుతోంది, ఎవరికి సరిపడదు అన్న లెక్క మాత్రం చెప్పండి.

జై ఆదివాసీ.