బండి బయలుదేరుతుంది, నేను వెళ్తున్నాను

సాయంకాలం వీథి అరుగుమీద ఇద్దరు పెద్దమనుషులు మాటలాడుకొంటున్నారనుకొందాము. "రేపు బెజవాడ వెళ్తున్నానండీ" అని ఒకరంటారు. "అలాగా! బండి ఎన్నింటికి?" అని రెండవవారు అడుగుతారు. "ఆరుంబావుకు బయలుదేరుతుంది" అని జవాబు వస్తుంది.

ఈ రెండు పనులూ రేపు జరుగవలసినవే. అయినా ఒకచోట 'వెళ్తున్నాను' అన్నారు, మరొకచోట 'బయలుదేరుతుంది' అన్నారు. 'బండి రోజూ ఆరుంబావుకు బయలుదేరుతున్నది' అంటే మన చెవికి అంతగా ఇంపు కాదు. ఈ భేదం మనకు ఎవరూ నేర్పలేదు, భాషతోపాటే వచ్చినది. ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ఖాళీలు పూరింపుమన్నప్పుడు మన పిల్లలు తడబడేది సరిగా ఈ చోటనే. ఇంగ్లీషులోనూ భవిష్యత్తును చెప్పడానికి వర్తమానకాలపు రూపాలు రెండు వాడుతారు. మనిషి ఏర్పాటు చేసుకొన్న పనికి ప్రెజెంట్ కంటిన్యువస్: 'ఐ యామ్ గోయింగ్ టు బెజవాడ టుమారో'. పట్టిక ప్రకారం జరిగే పనికి సింపుల్ ప్రెజెంట్: 'ది ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ ఫిఫ్టీన్'.

ఇంతవరకు సులభమే. చిక్కు ఎక్కడ వస్తుందో చెప్పడానికి నా పొరపాటునే ఒకదానిని చెప్పుకోవాలి. ఇంగ్లీషు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజులలో పిల్లలకు నేనొక అడ్డదారి చూపినాను. వాక్యంలో గడియారపు వేళ కనబడితే సింపుల్ ప్రెజెంట్ వ్రాయండి, 'రేపు' అనో 'ఆదివారం' అనో మాత్రమే ఉంటే కంటిన్యువస్ వ్రాయండి అన్నాను. పరీక్షలో రెండు ఖాళీలు వచ్చినవి. మొదటిది, 'రేపు ఆరు గంటలకు నేను డాక్టరును కలుసుకొంటున్నాను' అనే అర్థం గలది. ఇచ్చిన క్రియ 'మీట్'. రెండవది, 'సోమవారం బడి తిరిగి తెరుస్తారు' అనే అర్థం గలది; ఇచ్చిన క్రియ 'రీఓపెన్'. ఒక బాలిక మొదటిదానికి 'ఐ మీట్' అనీ, రెండవదానికి 'ది స్కూల్ ఈజ్ రీఓపెనింగ్' అనీ వ్రాసినది. రెండు మార్కులూ పోయినవి. "మీరు చెప్పినట్లే వ్రాశాను గదా మాస్టారూ!" అన్నది. ఆ పిల్ల అన్నది నిజమే. తప్పు నా సూత్రానిది.

గడియారపు వేళ రెండు విధాల వాక్యాలలోనూ రావచ్చును. చూడవలసినది వేళను కాదు; ఆ వేళ ఎవరు పెట్టినదో చూడాలి. దానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. వాక్యంలోని కర్త మనస్సు మార్చుకొంటే ఆ పని ఆగిపోతుందా? డాక్టరును కలుసుకోవలసినవాడు వద్దనుకొంటే ఆ కలయిక ఉండదు. అది ఇద్దరు మనుషులు కుదుర్చుకొన్న ఏర్పాటు. కనుక 'ఐ యామ్ మీటింగ్ ది డాక్టర్ ఎట్ సిక్స్'. బడికి మార్చుకొనే మనస్సు లేదు. తేదీ ముందే క్యాలెండరులో పడి ఉన్నది. ఏ ఒక్క పిల్లవాడు రాకపోయినా బడి తెరుస్తారు. కనుక 'ది స్కూల్ రీఓపెన్స్ ఆన్ మండే'.

ఇక మన భాష పెట్టే చిక్కు ఒకటి ఉన్నది. 'నేను రోజూ బడికి వెళ్తాను', 'నేను రేపు బెజవాడ వెళ్తాను': ఈ రెండు వాక్యాలలో క్రియ ఒకటే. అలవాటుగా జరిగే పనిని చెప్పే రూపానికి మన వ్యాకరణాలలో తద్ధర్మమని పేరు. నేటి వాడుకలో ఆ అర్థాన్నీ, భవిష్యత్తునూ ఒకే రూపం మోస్తున్నది. ఇంగ్లీషులో అట్లా కాదు. 'వెళ్తాను' అని మనస్సులో అనుకొని దానిని మాటకు మాటగా మార్చిన పిల్లవాడు 'ఐ గో టు బెజవాడ టుమారో' అని వ్రాస్తాడు. అది అక్కడ చెల్లదు. అందుచేత ఖాళీ నింపేముందు ఆ వాక్యాన్ని తెలుగులో 'వెళ్తున్నాను' అని ఒకసారి అని చూడవలెను. అట్లా అన్నా వాక్యం రేపటి ఏర్పాటుగానే వినిపిస్తే కంటిన్యువస్ సరిపోతుంది.

ఇప్పుడొక ఉత్తరాన్ని ఖాళీలతో సహా చూద్దాము. ఒక కుఱ్ఱవాడు స్నేహితునికి వ్రాస్తున్నాడు. 'ఆదివారం మా అక్కకు పెళ్ళి' అనేది మొదటి వాక్యం. పెళ్ళి మనుషుల ఏర్పాటు. 'మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్ ఆన్ సండే'. 'శనివారం మేము ప్రయాణం చేస్తున్నాము'. ఇదీ ఏర్పాటే, 'వుయ్ ఆర్ ట్రావెలింగ్'. 'మా బండి ఆరుంబావుకు బయలుదేరి పదింటికి చేరుతుంది'. ఇక్కడ 'మా' అనే మాట చూసి మోసపోకూడదు. బండి మాదైనా వేళ రైల్వేవారిది. 'అవర్ ట్రెయిన్ లీవ్స్', 'అరైవ్స్'. 'మా మామయ్య స్టేషనులో కలుసుకొంటున్నాడు'. ఇది ఆయన ఒప్పుకొన్న పని, 'ఈజ్ మీటింగ్'. చివరి వాక్యం, 'తిరిగి వచ్చినప్పుడు నీకు వ్రాస్తాను'. 'వెన్' తరువాత వచ్చే ఖాళీలో 'వుయ్ కమ్ బ్యాక్' అనే వ్రాయవలెను. ఇది పట్టిక కాదు. 'వెన్', 'బిఫోర్', 'అంటిల్' వంటి మాటల తరువాత భవిష్యత్తుకు సింపుల్ ప్రెజెంట్ వాడడం వేరొక నియమం. ఈ రెంటినీ కలిపి గందరగోళపడరాదు.

రూపం సరిగా ఎంచుకొన్న తరువాత కూడా మార్కు పోవడం కద్దు. 'ది ట్రెయిన్ లీవ్' అని చివరి 'ఎస్' వదలివేస్తారు. 'ఐ మీటింగ్' అని 'యామ్' మరచిపోతారు. వ్రాసిన జవాబును పైకి చదివితే ఈ రెండు లోపాలూ చాలావరకు చెవికి తగులుతాయి.

నేను చెప్పిన పరీక్షకు కూడా హద్దులున్నవి. వానకు మనస్సు లేదు. అంతమాత్రాన దానికి పట్టికా లేదు. రేపు వాన పడుతుందనడానికి ఈ రెండు రూపాలూ పనికిరావు. 'ఇట్ విల్ రెయిన్' అనాలి. యాత్రాకార్యక్రమం అచ్చువేసి ఇచ్చినప్పుడు మనుషుల విషయంలోనూ 'వుయ్ లీవ్ మద్రాస్ ఆన్ ఫ్రైడే' అనవచ్చును. అక్కడ మనుషులు కూడా పట్టికలో భాగమే. మాటలలో ఇంగ్లీషువారు 'ది ట్రెయిన్ ఈజ్ లీవింగ్ ఎట్ సిక్స్' అనడమూ ఉన్నది, దానిని తప్పనలేము. కాని ప్రశ్నలో 'పట్టిక ప్రకారం' అనే సూచన ఉంటే పరీక్షకులు ఎదురుచూచేది 'లీవ్స్' అనే మాటనే.

మరుసటి ఏడు ఆ బాలిక తరగతికే ఈ పాఠం మళ్ళీ చెప్పినాను. ఈసారి గడియారం మాట ఎత్తలేదు. "డాక్టరుగారు రేపు ఊళ్ళో ఉండరట, నీవు కలుసుకోవడం ఉంటుందా?" అని అడిగినాను. "ఉండదండీ" అన్నది. "నీవు స్టేషనుకు పోకపోతే బండి ఆగుతుందా?" అన్నాను. తరగతి అంతా నవ్వినది. ఆ ఖాళీలు రెండూ ఆమె తానే నింపినది.