రెండు తలుపులు: కోనసీమ కొబ్బరి, ధాన్యం, తులనాత్మక ప్రయోజనం

(అమలాపురంలో చేసిన స్మారకోపన్యాసం)

ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితమో ఆ మాస్టారు అర్థశాస్త్రాన్ని నల్లబల్ల మీద లెక్కగా చెప్పేవారు. అదే పద్ధతిలో ఈ రోజు ఒక్క లెక్క చేద్దాం. ఆ లెక్క కోనసీమ మెరకల మీద, పల్లాల్లో ఎంతవరకు నిలుస్తుందో కూడా చూద్దాం.

1817లో డేవిడ్ రికార్డో ఒక ప్రశ్నకు జవాబు చెప్పాడు. ఇంగ్లండు కన్నా తక్కువ శ్రమతో గుడ్డనూ ద్రాక్షసారానూ రెండింటినీ తయారు చేయగల పోర్చుగల్, ఇంగ్లండు దగ్గర గుడ్డ ఎందుకు కొనాలి? అదే ప్రశ్నను మన ధాన్యానికీ నూనెకూ వేసి చూద్దాం. ఒకవైపు భారతదేశం, మరోవైపు మలేసియా. మన నూనె కొబ్బరి నుంచి, వారిది పామాయిల్ గెలల నుంచి. ఒక హెక్టారులో ఏడాదికి ఏది ఎంత వస్తుందో పట్టికలో రాస్తున్నాను. ఇవి లెక్క తేలిగ్గా నడవడానికి ఎంచుకున్న గుండ్రని అంకెలు. మలేసియా రెండింటిలోనూ మనకన్నా ముందుందని కావాలనే పెట్టాను.

| దేశం | ధాన్యం (టన్నులు) | లేదా నూనె (టన్నులు) |
|---|---|---|
| భారతదేశం | 5 | 1 |
| మలేసియా | 6 | 4 |

ఈ పట్టిక చూసిన వారెవరైనా మనం ఏదీ అమ్మలేమనే అంటారు. అలా అనడానికి ముందు ఒక్కో సరుకుకు నిజంగా ఎంత ఖర్చవుతోందో చూడాలి. ఇక్కడ ఖర్చంటే రూపాయలు కాదు, ఒకటి పండించడం కోసం వదులుకున్న రెండోది. దీన్నే అవకాశ వ్యయం అంటాం.

| దేశం | 1 టన్ను నూనెకు వదులుకునే ధాన్యం | 1 టన్ను ధాన్యానికి వదులుకునే నూనె |
|---|---|---|
| భారతదేశం | 5 టన్నులు | 0.2 టన్ను |
| మలేసియా | 1.5 టన్నులు | 0.67 టన్ను |

ఇప్పుడు చిత్రం మారింది. టన్ను నూనె తీయాలంటే మనం 5 టన్నుల ధాన్యం వదులుకోవాలి, వాళ్లు టన్నున్నర వదులుకుంటే చాలు. టన్ను ధాన్యం కోసం వాళ్లు మూడింట రెండు వంతుల టన్ను నూనె వదులుకుంటే, మనం ఐదో వంతే వదులుకుంటాం. దిగుబడిలో వెనకబడి ఉన్నా ధాన్యం మన దగ్గరే చవక. తులనాత్మక ప్రయోజనం అంటే ఇదే.

లాభం ఎంతో చూద్దాం. రెండు దేశాలకూ చెరో 100 హెక్టార్లు, సగం ధాన్యానికి, సగం నూనెకు. మనకు 250 టన్నుల ధాన్యం, 50 టన్నుల నూనె; వాళ్లకు 300 టన్నుల ధాన్యం, 200 టన్నుల నూనె. ఇప్పుడు మనం భూమంతా ధాన్యానికి మార్చాం: 500 టన్నులు. వాళ్లు 10 హెక్టార్లే ధాన్యానికి ఉంచి, 90 హెక్టార్లు నూనెకు ఇచ్చారు: 60 టన్నుల ధాన్యం, 360 టన్నుల నూనె. మారకం టన్ను నూనెకు 3 టన్నుల ధాన్యం అనుకుందాం. ఈ రేటు 1.5కూ 5కూ మధ్య ఎక్కడ ఉన్నా ఇద్దరికీ గిట్టుతుంది. మనం 240 టన్నుల ధాన్యం పంపి 80 టన్నుల నూనె తెచ్చుకుంటాం.

| దేశం | ముందు: ధాన్యం, నూనె | తరవాత: ధాన్యం, నూనె |
|---|---|---|
| భారతదేశం | 250, 50 | 260, 80 |
| మలేసియా | 300, 200 | 300, 280 |

అదనంగా సెంటు భూమి చేర్చకుండా ఇద్దరూ బాగుపడ్డారు. ఇందులో మాయ లేదు. ఎవరి భూమి ఏ పనిలో తక్కువ వదులుకుంటుందో ఆ పనికి మళ్లడమే దీని రహస్యం.

ఇక ఈ లెక్కను అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు తీసుకువెళదాం. వర్తకానికి ముందు హెక్టారు కొబ్బరి రైతు చేతిలోని టన్ను నూనెకు 5 టన్నుల ధాన్యం వచ్చేది. వర్తకం తరవాత 3 వస్తుంది. అయినా పట్టికలో అతను నష్టపోడు. చెట్లు తీసేసి వరి వేస్తాడు, 5 టన్నుల ధాన్యమూ మళ్లీ చేతికొస్తుంది, పైగా నూనె చవకవుతుంది. నష్టమే లేని ఆ కథ మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది: వరి వేస్తాడు.

అంబాజీపేటలో, రాజోలులో, కొత్తపేటలో కొబ్బరి ఉన్నది మెరక మీద. వరి ఉన్నది పల్లంలో. మెరకను తవ్వి పల్లం చేయడం ఒక రైతు వల్ల అయ్యే పని కాదు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఆపైన దశాబ్దాల పాటు కాస్తుంది. ఈ ఏడాది ధర పడిందని నరికి, వచ్చే ఏడాది పెరిగిందని నాటే పంట కాదది. కాబట్టి మెరక రైతు హెక్టారుకు 2 టన్నుల ధాన్యం విలువ పోగొట్టుకుని అక్కడే ఉంటాడు. మన కాయ అంతా నూనెకే పోదు, పచ్చికాయగా, కురిడీగా కూడా వెళుతుంది. అందుకని దెబ్బ ఈ లెక్కలో కనిపించినంత నేరుగా తగలదు. కానీ సబ్బుల తయారీలో కొబ్బరి నూనెకు బదులు పామ్ గింజల నూనె వాడవచ్చు. అందువల్ల కొబ్బరి ధర ఎంతవరకు పెరగగలదన్నదానికి పై హద్దు బయటి నూనెలే గీస్తాయి.

మెరక రైతు నష్టపోతే పల్లం రైతు లాభపడాలి కదా, లెక్క ప్రకారం. తన 5 టన్నుల ధాన్యానికి ఒకప్పుడు టన్ను నూనె వస్తే, ఇప్పుడు టన్నున్నర పైనే రావాలి. ఆ లాభం ఎందుకు రాలేదన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి.

2008 ఏప్రిల్‌లో దేశంలో ధరలు పెరుగుతున్నాయని కేంద్రం రెండు పనులు చేసింది. ముడి వంట నూనెల మీద దిగుమతి సుంకాన్ని సున్నా చేసింది. బాస్మతి కాని బియ్యం ఎగుమతిని నిషేధించింది. 2010 జనవరి 1 నుంచి ఆసియాన్ దేశాలతో సరుకుల ఒప్పందం కూడా అమల్లోకి వచ్చింది. బియ్యం నిషేధం మాత్రం 2011 సెప్టెంబరు దాకా ఎత్తలేదు. నూనె లోపలికి వచ్చే తలుపు బార్లా తెరిచి, బియ్యం బయటికి వెళ్లే తలుపు మూశారు. పక్కనే కాకినాడ రేవు ఉన్నా మన పల్లం పంటకు అది దారి కాలేదు.

రికార్డో పట్టికలో రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. నూనెకు ధాన్యంతో చెల్లిస్తాం గనక ధాన్యానికి గిరాకీ పెరుగుతుంది. ఒక తలుపు మూస్తే నూనెకు దేశం ఇంకేదో అమ్మి డాలర్లతో చెల్లిస్తుంది, ధాన్యం మాత్రం ఇక్కడే పోగుపడుతుంది. అప్పుడు మెరక రైతు ఎలాగో వరికి మారినా ఆ పోగును పెంచడమే అవుతుంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలను బీడు పెట్టారు. కారణాలు ఒక్కటి కావు. కూలి ఖర్చులు పెరిగాయి, మురుగు కాలవలు పూడి నీరు నిలిచిపోయేది, కొనుగోళ్లు సరిగా సాగలేదు. అయినా మూసిన ఎగుమతి తలుపు వాటన్నిటినీ మరింత భరించలేనివిగా చేసిందని నేను నమ్ముతున్నాను. ఎకరా మీద ఖర్చు పెరిగినప్పుడు రైతును కాపాడగలిగేది ధరే. ఆ ధర పెరిగే దారిని ప్రభుత్వమే కట్టేసింది. 2023 జులైలో మళ్లీ బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపి, 2024 సెప్టెంబరులో వదిలారు.

కొనుక్కు తినే పేదవాడికి బియ్యం చవకగా దొరకాలన్న ఆరాటం న్యాయమైనదే. కానీ ఆ భారాన్ని మోయవలసింది ఖజానా, పల్లం రైతు కాదు. చౌకధర దుకాణం ద్వారా ఇచ్చే రాయితీ బడ్జెట్టులో కనిపిస్తుంది, దాని మీద శాసనసభలో చర్చ జరుగుతుంది. ఎగుమతి నిషేధం ద్వారా రైతు దగ్గర తీసుకున్నది ఏ పద్దులోనూ కనిపించదు.

అందుచేత నాకు తోచినవి రెండు. నూనె సుంకాన్ని తగ్గించే రోజున బియ్యం ఎగుమతిని మూయకూడదు. మూయక తప్పని కరవు వస్తే గడువు ముందే చెప్పాలి, రైతు నారు పోసే నాటికే తెలియాలి. ఇక వర్తకం వల్ల దేశానికి మిగిలినదాంట్లో కొంత మెరక రైతుకు అందాలి. మన లెక్కలో ముందున్న 250 టన్నుల ధాన్యం, 50 టన్నుల నూనె కొత్త రేటున 400 టన్నుల ధాన్యానికి సమానం. తరవాత చేతికొచ్చినది 500 టన్నులు. మిగులు 100. దాంట్లోంచి ఇవ్వడం దానం కాదు, ఆ మిగులు కోసం అతనే ధర పోగొట్టుకున్నాడు. పాత తోటలను తిరిగి నాటడానికి, చెట్ల మధ్య కోకో, అరటి వేయడానికి, కాయను కాయగా కాక ఎక్కువ విలువ వచ్చే సరుకుగా అమ్మడానికి ఆ డబ్బు ఖర్చు కావాలి.

విద్యార్థులకు ఒక మాట. పరీక్షలో ఈ పట్టిక వేసినప్పుడు చివరి గడితో ఆగకండి. భూమి నిజంగా మారగలదా, తలుపులు రెండూ తెరిచి ఉన్నాయా, మిగులు ఎవరి చేతికి వెళ్లింది అని కింద మూడు ప్రశ్నలు రాయండి. ఆ జవాబులు వస్తేనే లెక్క పూర్తయినట్టు.