ఒంటరి తుపాకీకి ఇంటిపేరు



చల్లపల్లిలో మా మాస్టారి పేరిట మాట్లాడమనడం నాకు దక్కిన గౌరవం. ఆయన అడగకుండానే పుస్తకాలిచ్చేవారు; తిరిగివ్వడం ఆలస్యమైతే ఇంటికొచ్చి తీసుకెళ్లేవారు. ‘మోసగాళ్లకు మోసగాడు’ వట్టి కాపీ అని ఆయన కడదాకా వాదించారు. నేనూ కడదాకా ఒప్పుకోలేదు. ఆ వాదం ఈరోజు పూర్తిచేస్తాను.

1971లో కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన కౌబాయ్ చిత్రమది. రచన ఆరుద్ర. మన కౌతరం సత్యనారాయణగారూ అందులో ఉన్నారు. నల్లరేగడి, కాలువలు ఉన్న మన సీమలో ఆ దుమ్ము దొరకదు కనుక యూనిట్ రాజస్థాన్ ఎడారికి వెళ్లింది. ఇదంతా మీకు తెలిసిందే.

కాపీ అనేవాళ్లు చూపేది సెర్జియో లియోనె సినిమాలను. ఆయన 1964లో తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ కథ కురొసావా ‘యొజింబో’ది. జపాన్ నిర్మాతలు దావా వేస్తే ప్రపంచ వసూళ్లలో 15 శాతం ఇచ్చి రాజీపడాల్సి వచ్చింది. కాబట్టి ఎవరు తీసుకున్నారని కాదు, తీసుకుని ఏం మార్చారని అడగాలి.

‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో బ్లాండీ తన జోడీని పట్టించి బహుమతి పుచ్చుకుంటాడు, ఉరితాడును తుపాకీతో తెంచి విడిపిస్తాడు. మన సినిమాలోని కృష్ణప్రసాద్, నక్కజిత్తుల నాగన్నల జోడీలో ఆ పోలిక ఉంది, కాదనను. మద్యశాల, మురికి టోపీ, గుర్రం, వీధిలో ఎదురెదురు కాల్పులు కూడా అరువే. కానీ బ్లాండీకి ఊరు లేదు, వంశం లేదు, అసలు పేరే తెలియదు. సమాధుల దిబ్బలో దొరికిన దొంగ బంగారంలో వాటా తీసుకుని వెళ్లిపోతాడు. ఆరుద్ర ఆ బంగారం స్థానంలో తెల్లవాళ్ల కంటపడకుండా దాచిన అమరవీడు సంస్థానం నిధిని పెట్టారు. నిధివేట ‘మెకన్నాస్ గోల్డ్’లోనూ ఉందంటారు. అక్కడిది లోయలో ఎవరికి దక్కితే వాళ్లదయ్యే బంగారం. ఇక్కడి నిధికి హక్కుదారు ఉన్నాడు. అందుకే దాన్ని వెతికే మనిషి బాటసారిగా మిగలడు, బాధ్యత మోసేవాడవుతాడు. సంస్థానం, దాచిన ధనం, కుట్ర, పాటలు: ఇది మన జానపద చిత్రాల సరంజామా. కాంతారావు చేతి కత్తి పోయి కృష్ణ చేతికి పిస్తోలు వచ్చింది. 1990 నాటి ‘కొదమ సింహం’లో పెంపుడు కొడుకు కన్నవాళ్ల జాడ వెతకడం ఆ మార్పుకు కొనసాగింపే. మనవాళ్లు దుమ్మూ తుపాకీ తెచ్చుకున్నారు, ఒంటరితనం మాత్రం తెచ్చుకోలేదు.

ఈ వాదాన్నే ఇప్పుడు పుస్తకంగా రాస్తున్నాను. దానికి నాకు కావలసిన సాక్ష్యం హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు. కథ సగం చెప్పి తక్కినది వెండితెరపై చూడమనే ఆ నాలుగు పేజీల్లో, జానపద చిత్రానికీ కౌబాయ్ చిత్రానికీ కథను ఎలా పరిచయం చేశారో పక్కపక్కన పెట్టి చూడాలి. అవనిగడ్డ, మొవ్వ, ఘంటసాల ఇళ్లలో అటకల మీద ఇంకా ఉంటాయి. పాతకాగితాలవాడికి వేయకముందు ఒక్కసారి నాకు చూపించండి.