ఇట్లు... ఎవరు?



ఆళ్లగడ్డ నుండి ఒక అక్కగారు నంద్యాలలోని తమ్మునికి ఉత్తరం వ్రాస్తే, "చిరంజీవి తమ్మునికి ఆశీర్వదించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, "ఇట్లు, అక్క" అని ముగిస్తుంది. పిలుపులో వయస్సు, చివర వరస తెలిసిపోతాయి. పేరు లేకపోయినా లోటు లేదు.

భర్త పోయాక అదే అక్కగారు కుటుంబ పింఛనుకై ఖజానా అధికారికి వ్రాస్తే, ఆయన మనవడి ఈడువాడైనా "ఆర్యా" అనే అనాలి. కుశలప్రశ్నల చోట "విషయము" వస్తుంది. చివర "ఇట్లు, తమ విధేయురాలు" అంటే మర్యాదే గాని, మనిషి ఎవరో తెలియదు. దాని క్రింద సంతకం, పూర్తి పేరు, భర్త పేరు, ఆయన పి.పి.ఓ. నంబరు, చిరునామా ఉండాలి. నంబరు లేని అర్జీని ఏ ఫైలులో చేర్చాలో గుమాస్తాకు తెలియదు.

ఆ నంబరు మీ ఇంట్లోవారికి ఈ రోజే వ్రాసి ఇవ్వండి. సెలవు.